బుధవారంలోగా ఒక పేజీ

మా వదిన గురించి మా బిల్డింగులో ఒక మాట ఉంది. పాత కంపెనీలో ఉన్నప్పుడు ఒకరోజు పొద్దున్నే ఏదో బటన్ నొక్కిందట. అంతే, క్లినిక్కుల నుంచి పేషెంట్లకు వెళ్ళాల్సిన మెసేజులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయట. రావలసినవాళ్ళు రాలేదట. డాక్టర్లు ఖాళీ కుర్చీలు చూసుకుంటూ గోళ్ళు గిల్లుకున్నారట. సాయంత్రానికల్లా కంపెనీవాళ్ళు వదిన చేతిలో కాగితం పెట్టి, గేటు దాకా మనిషిని తోడిచ్చి పంపేశారట.

ఈ మాటను మోసుకొచ్చింది కింది ఫ్లోర్ ఆంటీ. ఆవిడ కోడలి తమ్ముడు ఆ కంపెనీలో జీతాల లెక్కలు చూసేవాడు. ఆంటీ చెప్పిన ప్రతిసారీ కథకు కొత్త రెక్క మొలుస్తుంది. ఈ మధ్య విన్నప్పుడు అందులో ఒక డాక్టరు ఏడ్చాడు కూడా.

వదినకు ఈ సంగతి తెలుసు. లిఫ్టులో ఆంటీ ఎదురైతే నవ్వి పలకరిస్తుంది. లిఫ్టు తలుపు మూసుకోవడానికి మాత్రం తను బటన్ నొక్కదు, ఆంటీనే నొక్కనిస్తుంది. "ఎందుకమ్మా, మళ్ళీ ఇంకో కథ పుడుతుంది" అంది నాతో ఒకసారి. నేను నవ్వాను గానీ, అసలేం జరిగిందని అడగలేకపోయాను. నేను మా అన్నయ్య ఇంట్లో ఉంటాను. చదువు పదో తరగతితో ఆగింది. పాపను చూసుకోవడం, వంటలో సాయం చెయ్యడం నా పని. అడగడం కన్నా చూడడం నాకు తేలిక.

పాపకు మూడేళ్ళు దాటాక వదిన మళ్ళీ ఉద్యోగాలకు అప్లై చెయ్యడం మొదలుపెట్టింది. పొద్దున పాప లేవకముందు ఒక గంట, మధ్యాహ్నం పాప నిద్రపోయాక ఒక గంట. కొన్ని కంపెనీలు జవాబే ఇవ్వలేదు. కొన్ని, మధ్యలో ఇంతకాలం ఎందుకు ఖాళీగా ఉన్నారని ఫోన్లోనే అడిగి, చెప్పింది విని, మళ్ళీ చేస్తామని పెట్టేశాయి. మళ్ళీ ఎవరూ చెయ్యలేదు. రానురాను వదిన ఫోను మోగినా పరుగెత్తడం మానేసింది. చేతులు తుడుచుకుని, నెమ్మదిగా వెళ్ళి చూసేది. ఒకరోజు పప్పు పోపు పెడుతూ, "ఇంక నన్ను ఎవరూ ఇంజనీరు అనుకోరు, అంతే" అంది, కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినంత మామూలుగా.

అలాంటి సమయంలో ఒక కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. రెండు రౌండ్లు ఫోన్లో అయ్యాయి. మూడోది వీడియోలో, ముగ్గురి ముందు. మీరు ఇదివరకు చేసిన ఒక ప్రాజెక్టు గురించి ఇరవై నిమిషాలు చెప్పాలి, ఆ తర్వాత మేం ప్రశ్నలు అడుగుతాం, శుక్రవారం ఇంటర్వ్యూ, ఏం చెప్పబోతున్నారో ఒక పేజీలో రాసి బుధవారంలోగా పంపండి. ఇదీ మెయిల్.

"ఒక పేజీయేనా! అదెంతసేపు?" అన్నాడు అన్నయ్య. అన్నయ్య ఇంజనీరు కాదు, ఒక గోడౌనులో సూపర్‌వైజరు.

"ఒక పేజీ కాబట్టే కష్టం" అంది వదిన.

శనివారం పొద్దున వదిన పసుపు రంగు చీటీలు తెచ్చి, ఒక్కొక్క దాని మీద ఒక్కొక్క మాట రాసి, పడకగది అలమార తలుపు మీద అంటించింది. కంపెనీ పరిచయం. వాడిన టెక్నాలజీలు. పాత సిస్టమ్ బొమ్మ. కొత్త సిస్టమ్ బొమ్మ. టీమ్. ఫలితాలు. ధన్యవాదాలు. ఆ తర్వాత నన్ను మంచం మీద కూర్చోబెట్టి, ఫోన్లో టైమర్ నా చేతికిచ్చి, నన్నే ఆ ముగ్గురూ అనుకొమ్మంది.

వదిన మాట్లాడింది. నేను తల ఊపుతూనే ఉన్నాను. టైమర్ మోగేసరికి ఇంకా కొత్త సిస్టమ్ బొమ్మ దగ్గరే ఉంది.

"ఎలా ఉంది?"

"బాగుంది వదినా."

"నువ్వు వెంటనే బాగుందన్నావంటే ముక్క అర్థం కాలేదని" అంది వదిన. "అత్తకు నిద్దరొచ్చింది" అంది పాప. పాప అబద్ధం చెప్పదు.

ఆ మధ్యాహ్నం వదిన తన పాత సీనియరుకు వీడియో కాల్ చేసింది. ఇద్దరూ ఆ కంపెనీలో పక్కపక్క సీట్లలో పని చేశారు. సీనియరు ఇప్పుడు వేరేచోట ఉంది, తనే ఇంటర్వ్యూలు చేస్తుంది. ఇస్త్రీ బల్ల మీద లాప్‌టాప్ పెట్టి, దాన్ని అలమార వైపు తిప్పి, వదిన మొత్తం మళ్ళీ చెప్పింది. నేను కిటికీ దగ్గర కూర్చుని బట్టలు మడతపెడుతూ విన్నాను.

సీనియరు మధ్యలోనే ఆపింది. "ఒసేయ్, ఆగు. కంపెనీ ఎప్పుడు పెట్టారు, ఎన్ని ఊళ్ళలో ఉంది, ఇవన్నీ నాకెందుకే? నేను ఆ కంపెనీ కొనబోతున్నానా? టెక్నాలజీల పేర్లు ఇన్ని చదివావు, పెళ్ళి పిలుపుల్లో బంధువుల పేర్లలా ఉంది. ముందు బాధ చెప్పు. ఎవరికి ఏం ఇబ్బంది ఉంటే ఈ ప్రాజెక్టు మొదలైంది?"

వదిన చీటీలు వదిలేసి చెప్పింది. "క్లినిక్కులో రేపు పొద్దున అపాయింట్‌మెంట్ ఉన్నవాళ్ళకు ముందురోజు సాయంత్రం, సాయంత్రం ఉన్నవాళ్ళకు ఆ పొద్దున గుర్తుచేసే మెసేజు వెళ్ళాలి. పాత ప్రోగ్రాము పేర్లన్నీ ఒకే వరసలో, ఒకటి పూర్తయ్యాక ఇంకొకటి పంపేది. బ్రాంచీలు పెరిగేసరికి ఆ వరస తెల్లారినా అయ్యేది కాదు. కొంతమందికి డాక్టర్ని చూసి ఇంటికొచ్చాక, 'ఇవాళ మీకు అపాయింట్‌మెంట్ ఉంది' అని వచ్చేది."

"అదీ! ఇప్పుడు నాకు వినాలనిపించింది. అక్కడ మొదలుపెట్టు. తర్వాత, ఏయే దారులు ఆలోచించారు, ఏది ఎందుకు వద్దనుకున్నారు, అందులో నువ్వు నీ చేత్తో చేసింది ఏది. టీమ్ ఏం చేసిందో టీమ్‌దని చెప్పు, నువ్వు చేసింది నీదని చెప్పు. క్లినిక్కుల పేర్లు, పేషెంట్ల వివరాలు, కంపెనీ లోపలి అంకెలు మాత్రం ఎక్కడా పెట్టకు, అవి మనవి కావు. చివర్లో ఏం మారింది, దాన్ని ఎలా కొలిచారు." సీనియరు స్క్రీనుకు దగ్గరగా వంగింది. "అయినా ఇంకో చీటీ కనబడటం లేదేమిటే?"

"ఏది?"

"ఏదని నన్నడుగుతావా? ఆ పొద్దున నీ పక్క సీట్లో ఉన్నది నేనే."

వదిన చీటీల వైపే చూస్తోంది.

"అది చెబితే అయిపోయినట్టే అక్కా" అంది చివరికి. "ఇప్పటికే మూడేళ్ళకు పైగా ఖాళీ ఉంది. దాని మీద ఇదొకటా?"

"నేను ఇంటర్వ్యూ చేసేటప్పుడు ఎక్కడా దెబ్బ తగలని ప్రాజెక్టు చెబితే, వీళ్ళు దాని దగ్గరికే పోలేదనుకుంటాను. సరే, నీ ఇష్టం. కానీ ఒకటి. పేజీ పంపాక మళ్ళీ మార్చలేవు. వాళ్ళు ఆ పేజీ ముందు పెట్టుకునే ప్రశ్నలు అడుగుతారు."

సాయంత్రం అన్నయ్య ఇంటికొచ్చాక వదిన ఈ సంగతి చెప్పింది. అన్నయ్య షూ విప్పుతూ ఒక కాలి మీదే నిలబడిపోయాడు.

"ఆ గొడవ నువ్వే రాసి పంపుతావా? కింద ఆంటీ నోరు మూయించలేక చస్తుంటే, నువ్వే చాటింపు వేస్తానంటావేమిటి?"

"చాటింపు కాదండీ. ప్రాజెక్టులో ఒక భాగం."

"మన గోడౌన్లో సరుకు తడిసిన సంగతి నేనెప్పుడైనా కొత్త కంపెనీవాళ్ళకు చెప్పానా?"

"మీరు కొత్త కంపెనీకి ఎప్పుడు వెళ్ళారు?"

"అది వేరే విషయం" అన్నాడు అన్నయ్య. రెండో షూ కూడా విప్పి, కోపంగా దాని జత పక్కనే నీట్‌గా పెట్టాడు. తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు మళ్ళీ డీలా పడితే నేను చూడలేను. అంతే నా బాధ" అన్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర వదిన ఆయన ప్లేటులో ఇంకో చపాతీ వేసింది.

ఆదివారం, సోమవారం అలమార తలుపు మీద చీటీలు అటూ ఇటూ తిరిగాయి. కంపెనీ పరిచయం పోయింది. టెక్నాలజీల చీటీ కింది మూలకు దిగి, దాని మీద "టైముంటేనే" అని చేరింది. ధన్యవాదాల చీటీని పాప పీకి ఫ్రిజ్‌కు అంటించింది, వదిన వెనక్కి తేలేదు. మంగళవారం పొద్దున చూస్తే తలుపు నడిమధ్యలో ఒక కొత్త చీటీ ఉంది. "ఏం తప్పింది" అని రాసి ఉంది. మధ్యాహ్నానికి అది లేదు. సాయంత్రానికి మళ్ళీ ఉంది.

ఆ సాయంత్రం వదిన నన్ను పిలిచి, "ఇది ఒక్కటి విను" అంది. ఇదివరకులా నిలబడి కాదు, మంచం మీద నా పక్కన కూర్చుని చెప్పింది.

పేర్లను ఒకే వరసలో కాకుండా చిన్న చిన్న పనులుగా విడగొట్టి, ఒక క్యూలో పెట్టారట. ఆ క్యూలోంచి చాలా ప్రోగ్రాములు ఒకేసారి తలా ఒక పని తీసుకుని మెసేజు పంపుతాయి. దీంట్లో ఒక చిక్కుంది. మెసేజు వెళ్ళిపోయినా, "వెళ్ళింది" అని జవాబు రాకపోతే, ఆ ప్రోగ్రాము వెళ్ళలేదనుకుని మళ్ళీ పంపుతుంది. అందుకని వదిన ప్రతి మెసేజుకూ ఒక గుర్తు పెట్టింది. పంపేముందు ఆ గుర్తుతో ఇదివరకే ఏదైనా పంపామా అని చూడాలి. పంపి ఉంటే వదిలెయ్యాలి.

"అయితే ఆ గుర్తులో అపాయింట్‌మెంట్ నంబరుతో పాటు, పని క్యూలోకి వెళ్ళిన సమయాన్ని కూడా కలిపాను. మళ్ళీ పంపాల్సి వచ్చినప్పుడు ఆ పని క్యూలోకి కొత్తగా వెళ్తుంది కదా, సమయం మారుతుంది. సమయం మారితే గుర్తు మారుతుంది. అంటే ప్రతిసారీ అది కొత్త మెసేజే అనుకుంటుంది." వదిన తన అరచేతిలోకి చూసుకుంది. "టెస్టుల్లో జవాబు ఎప్పుడూ వెంటనే వచ్చేది. కాబట్టి బయటపడలేదు. అసలు రోజున మెసేజులు ఫోన్లకు చేరవేసే కంపెనీ పని బాగా నెమ్మదించింది. మెసేజులు చేరుతున్నాయి, జవాబులు రావటం లేదు. ఇంకేముంది, పంపినవాళ్ళకే పంపుతూ పోయింది."

ఒక పెద్దాయనకు ఒకే మెసేజు పదే పదే వెళ్ళిందట. ఆయన అపాయింట్‌మెంట్ సాయంత్రమైతే, పొద్దునే క్లినిక్కుకు వచ్చి, రిసెప్షన్‌లో అమ్మాయికి ఫోను చూపించి, "వస్తానని చెప్పానా లేదా తల్లీ? నా మీద నమ్మకం లేదా మీకు?" అన్నాడట.

నాకు నవ్వాగలేదు. వదిన కూడా నవ్వింది. నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

"అప్పుడు నొక్కావా వదినా బటన్?" నా నోట్లోంచి అలా వచ్చేసింది.

"అప్పుడే నొక్కాను" అంది వదిన.

బుధవారం మధ్యాహ్నం పేజీ వెళ్ళింది. అందులో "ఏం తప్పింది" ఉంది. వదిన పంపేసి, లాప్‌టాప్ మూసి, దాని మీద రెండు చేతులూ పెట్టి కూర్చుంది, మూత ఎవరైనా తెరుస్తారేమోనన్నట్టు. అన్నయ్యకు ఫోన్ చేసి చెబితే అవతల ఆయన ఒక్క మాటే అన్నాడట. "సరే, శుక్రవారం నేను సెలవు పెడతాను."

శుక్రవారం అన్నయ్య సెలవు పెట్టి చేసిందల్లా, కాలింగ్ బెల్ మోగకుండా తలుపు బయట కుర్చీ వేసుకుని కాపలా కూర్చోవడం. నేను పాపను పట్టుకుని హాల్లో ఉన్నాను. పడకగది తలుపు మూసి ఉంది కానీ మా ఇంట్లో తలుపులు మాటలను ఆపవు.

మొదట బాగా నడిచింది. వదిన బాధతో మొదలుపెట్టింది, డాక్టర్ని చూసి ఇంటికొచ్చాక వచ్చే మెసేజుతో. అవతల ఎవరో నవ్వారు. పాత ప్రోగ్రామునే పెద్ద కంప్యూటరు మీద నడిపితే ఏమయ్యేదో, ఎందుకు వద్దనుకున్నారో చెప్పింది. అంతలో ఒక మగ గొంతు అడ్డం వచ్చింది, క్యూ ఎందుకు, ఇంకాస్త ముందే మొదలుపెడితే సరిపోదా అని. వదిన జవాబు చెప్పింది. ఆయన ఇంకొకటి అడిగాడు. ఇంకొకటి. గోడ మీద గడియారం చూశాను. సగం టైము ప్రశ్నలకే పోయింది.

వదిన చెబుతున్న వాక్యం మధ్యలో వదిలేసింది. తర్వాత స్థిమితంగా, "టెక్నాలజీల వివరాలు పేజీలో రాశాను, అవి వదిలేసి తప్పు జరిగిన చోటికి వెళ్తాను" అంది.

చెప్పింది. నాకు చెప్పినట్టే చెప్పింది, గుర్తులో సమయం కలపడం తన నిర్ణయమేనని కూడా. అప్పుడు ఒక ఆడ గొంతు అడిగింది: "మీరు ఒక బ్రాంచినే ఆపొచ్చు కదా? అన్నీ ఎందుకు ఆపారు?"

నేను పాప నోటికి బిస్కెట్ అడ్డం పెట్టాను.

"ఆపే స్విచ్చు రాసింది నేనే" అంది వదిన. "రాసేటప్పుడు బ్రాంచివారీగా రాద్దామనుకున్నాను. ముందు అన్నిటికీ కలిపి ఒకటి చాలు, మిగతాది తర్వాత అనుకున్నాను. ఆ తర్వాత రాలేదు. ఆ పొద్దున నా చేతిలో ఉన్నది ఆ ఒక్క స్విచ్చే. నొక్కితే సరిగ్గా వెళ్తున్న చోట కూడా ఆగిపోతాయని తెలుసు. నొక్కకపోతే పెద్దవాళ్ళు భయపడి క్లినిక్కులకు పరుగెత్తుతున్నారు. నొక్కాను. మెసేజు అందనివాళ్ళ జాబితా తీసి బ్రాంచీలకు పంపాం. రిసెప్షన్ వాళ్ళు ఫోన్లు చేశారు. అందరికీ చెయ్యలేకపోయారు. కొంతమంది ఆ రోజు రాలేదు."

"ఇప్పుడైతే ఏం చేస్తారు?"

"స్విచ్చు ముందు రాస్తాను, బ్రాంచివారీగా. ఒక బ్రాంచితో మొదలుపెట్టి, జవాబు కావాలనే ఆలస్యం చేసి చూస్తాను. ఆ తర్వాతే రెండో బ్రాంచి."

మొదట అడ్డం వచ్చిన మగ గొంతు, "మేం కూడా ఒకసారి గుర్తులో సమయం కలిపాం" అంది. ఇంకెవరో, "ఒకసారేనా?" అన్నారు. అందరూ నవ్వారు. సరిగ్గా అప్పుడే పాప బిస్కెట్ ఉమ్మేసి అమ్మ కావాలని రాగం తీసింది. నేను దాన్ని ఎత్తుకుని బయటికి పరుగెత్తాను. అన్నయ్య కుర్చీలోంచి లేచి, "ఏమైంది? ఆపేశారా?" అన్నాడు.

"నవ్వుతున్నారు" అన్నాను.

"ఎవరిని చూసి?"

ఇద్దరం మెట్ల మీద కూర్చుని పాపకు పిట్టల్ని చూపించాం.

వదిన బయటికొచ్చి గ్లాసుడు నీళ్ళు తాగి, అలమార తలుపు మీద చీటీలన్నీ పీకి, దొంతర చేసి చెత్తబుట్టలో వేసింది. "నాకు తెలిసింది చెప్పాను. ఇంక వాళ్ళిష్టం" అంది. ఆ రాత్రి అందరికంటే ముందు నిద్రపోయింది.

మరుసటి వారం ఫోను మోగింది. వదిన చేతులు తుడుచుకోకుండానే పరుగెత్తింది. పిండి అంటిన ఫోన్లో "థాంక్యూ" అని మూడుసార్లు అంది. పెట్టేసి, "పేజీ చదివినప్పుడే నన్ను తీసుకోవాలని గట్టిగా అనుకున్నారట" అంది అన్నయ్యతో. అన్నయ్య, "నేను అప్పుడే చెప్పాను" అన్నాడు. వదిన, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆయన ఏం చెప్పాడో మాకు గుర్తుంది గానీ, ఆ పూటకి వదిలేశాం.

మర్నాడు పొద్దున నేను పాలకు కిందికి దిగితే ఆంటీ గేటు దగ్గరే ఉంది. వార్త అప్పటికే చేరింది.

"మీ వదినకు ఉద్యోగం వచ్చిందటగా! మంచిదమ్మా. ఈసారైనా చేతులు దగ్గర పెట్టుకోమను, కనబడిన బటన్నల్లా నొక్కొద్దని. పాపం, ఆ కంపెనీవాళ్ళు ఎలా గెంటేశారో."

నేను ఎప్పటిలా తల దించుకుని వెళ్ళిపోబోయాను. రెండడుగులు వేశాక ఆగాను.

"గెంటెయ్యలేదు ఆంటీ."

"మరి?"

ముందురోజు రాత్రి భోజనాల దగ్గర వదిన చెప్పిందే ఆంటీకి చెప్పాను. ఆ పొద్దున ఆగిన మెసేజులు ఆ సాయంత్రం నుంచే మళ్ళీ వెళ్ళాయి. ఆ తర్వాత వదిన అదే కంపెనీలో ఇంకో రెండేళ్ళు పని చేసింది. పాప కడుపులో ఉండగా మంచం దిగొద్దని డాక్టరు చెప్పినప్పుడు, తనే మానేసింది.